ఈరోజు నేను రాలేకపోతున్నానే

ఏమే, అసలు విషయం ముందే చెప్పేస్తున్నాను. ఈరోజు ఉల్కల వాన చూడటానికి నేను రాలేను. మూడింటికి బయల్దేరాల్సి ఉంటే ఒంటిగంటకి ఈ మాట చెబుతున్నాను, నన్ను క్షమించు. అమ్మ పొద్దున బాత్రూమ్‌లో కాలు జారి పడింది. పడుతూ చెయ్యి ఆనించింది, కుడి మణికట్టు విరిగింది. తలకి దెబ్బ తగల్లేదు, స్పృహ కూడా తప్పలేదు, కంగారు పడకు. హాస్పిటల్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాం. అమ్మ పడుకుంది. చెప్పులు విప్పి కూర్చోగానే నీకే రాస్తున్నాను.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. నువ్వు రెండింటి దాకా డ్యూటీలో ఉంటావు. పైగా నీ గొంతు వింటే నాకు ఏడుపు ఆగదు. పక్క గదిలో అమ్మకి వినిపిస్తే "నా వల్లే నీ ప్రయాణం ఆగిపోయింది" అని మొదలుపెడుతుంది. ఇప్పటికే హాస్పిటల్‌లో ఆ మాట చాలాసార్లు అంది. ఎక్స్‌రే తీసే గది బయట కూర్చుని కూడా, నొప్పికి పళ్ళు బిగబట్టి, "ఆ పిల్ల లీవు పెట్టుకుందే, దానికి ముందు చెప్పు" అంటోంది. ఎముక సంగతి తేలకుండా నీకేం చెప్పాలో తెలియక ఆగాను. చిన్న బెణుకైతే కట్టు కట్టించి, పక్కింటి ఆంటీని తోడు పెట్టి వచ్చేద్దామనే ఆశ చివరిదాకా ఉంది.

కానీ ఈ రాత్రి నేను కదిలే వీల్లేదు. ఎముక పక్కకి జరిగిందని, మత్తిచ్చి లాగి సరిగ్గా కూర్చోబెట్టారు. వాపు ఇంకా పెరుగుతుందట, అందుకని ఇప్పుడే చుట్టూ పూర్తి పిండికట్టు వేయకుండా ఒక వైపు మాత్రమే వేసి బ్యాండేజ్ చుట్టారు. వాపు తగ్గాక మళ్ళీ చూసి పూర్తి కట్టు వేస్తారు. ఈ రాత్రంతా చెయ్యి దిండు మీద గుండెకంటే ఎత్తులో ఉండాలి. వేళ్ళు కదిలిస్తూ ఉండాలి. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, మందు వేసినా తగ్గకుండా నొప్పి పెరిగినా వెంటనే తీసుకురమ్మన్నారు. అవన్నీ కనిపెట్టుకుని ఉండాల్సింది నేనే.

ఇంకో సంగతి, అమ్మ ఇన్సులిన్ తనే వేసుకుంటుంది కదా, పొద్దున, రాత్రి. అదీ కుడిచేత్తోనే. ఇప్పుడు ఆ పెన్ను తిప్పి డోసు పెట్టడం కూడా తనవల్ల కాదు. ఇందాక ఎడమచేత్తో ప్రయత్నించి, చేతకాక, పెన్ను పక్కన పెట్టేసి నా మొహం కూడా చూడకుండా గోడవైపు తిరిగింది. అమ్మ ఎవరి చేతా చిన్న పని కూడా చేయించుకోదని నీకు తెలుసు. అన్నయ్యకి ఫోన్ చేశాను, ఎంత త్వరగా బయల్దేరినా రేపు మధ్యాహ్నం గానీ రాలేడు. అప్పటిదాకా ఇంట్లో నేనొక్కదాన్నే.

నువ్వు ఈ ఒక్క రాత్రి లీవు కోసం ఎంత తిప్పలు పడ్డావో నాకు తెలుసు. వరసగా నైట్ డ్యూటీలు చేసి, ఇంకొకరి షిఫ్టు నువ్వు తీసుకుని, సంపాదించుకున్న రాత్రి ఇది. ఆ లీవు ఓకే అయిన రోజు నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఉల్కల వాన చూద్దామన్నది నేను, చోటు వెతికింది నేను, రూమ్ బుక్ చేసింది నేను. తీరా వచ్చేసరికి రానన్నది కూడా నేనే. నీకు కోపం వస్తే కోప్పడు, ఆ హక్కు నీకుంది. నేనేమీ అనుకోను.

కానీ ఒక్కటి అడుగుతాను, కాదనకు. నువ్వు మాత్రం వెళ్ళు.

"నువ్వు లేకుండా నేనెందుకు" అంటావని తెలుసు. మామూలు టూర్ అయితే నేనే వచ్చేవారం పెట్టుకుందామనేదాన్ని. దీన్ని వాయిదా వేయలేం కదా. డిసెంబరు 13, 14 తేదీల్లోనే ఈ జెమినిడ్ ఉల్కలు ఎక్కువగా రాలతాయి, తర్వాత రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఈసారి నెలవంక తొమ్మిదిన్నర, పదికల్లా అస్తమిస్తుంది, ఆ తర్వాత తెల్లారేదాకా కటిక చీకటే. వచ్చే ఏడాది ఇదే రాత్రికి దాదాపు పౌర్ణమి. ఆ వెలుగులో బాగా పెద్దవి తప్ప కనిపించవు. నువ్వు మొదటిసారి చూడబోతున్నావు. మొదటిసారి ఇలాంటి ఆకాశం కిందే చూడాలి.

ఒక్కదానివే వెళ్ళమనడం లేదు. అంత దూరం చీకట్లో నువ్వు ఒంటరిగా ఉంటే నాకు ఇక్కడ అమ్మతో పాటు నీ టెన్షన్ కూడా. మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళు. వాడికి ఈ వారం కాలేజీ లేదన్నావు కదా. గెస్ట్ హౌస్ వాళ్ళతో మాట్లాడాను, బుకింగ్ నీ పేరు మీదకి మార్చారు. ఇద్దరని చెప్పాను, ఐడీ కార్డు చూపిస్తే చాలు. మేడ తాళం అడిగి తీసుకో, రాత్రి పది తర్వాత మేడ మీద లైటు ఆర్పేయమని కూడా చెప్పాను. డబ్బులు నేను కట్టేశాను, ఆ లెక్క ఇప్పుడు తీయకు.

నేను పక్కనుంటే చెప్పేదాన్ని, కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. పడమటి ఆకాశంలో నెలవంక దిగిపోయేదాకా తొందరపడకు. పదింటికి మేడెక్కి చాప వేసుకుని వెల్లకిలా పడుకోండి. మొదటి అరగంట ఏమీ కనిపించకపోయినా లేచిపోవద్దు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికే ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూశావంటే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఫోన్ బ్యాగులో పడెయ్. మీ తమ్ముడికి ఇది మరీ మరీ చెప్పు, వాడు వీడియో తీస్తానంటాడు. ఫోన్ వీడియోలో పడేవి కావు, ఆ ఒక్క రాత్రికి కళ్ళతోనే చూడమను. బైనాక్యులర్స్ కూడా వద్దు. వాటిలో ఆకాశం చిన్న ముక్కే కనిపిస్తుంది, ఉల్క ఎటునుంచి దూసుకొస్తుందో ఎవరికి తెలుసు?

తూర్పున మూడు చుక్కలు వరసగా కనిపిస్తాయి, మృగవ్యాధుడి నడుము. నీకు తెలిసినవే. వాటికి ఎడమవైపు, పక్కపక్కనే రెండు మంచి మెరుపున్న చుక్కలుంటాయి, అవి పునర్వసు. ఉల్కలన్నీ ఆ చుట్టుపక్కల నుంచి వస్తున్నట్టు ఉంటాయి. అయితే చూపు అక్కడే నిలపకు. అక్కడ గీతలు పొట్టిగా ఉంటాయి, కాస్త పక్కకి, నడినెత్తి వైపు చూస్తూ ఉంటే పొడవాటివి దొరుకుతాయి. పునర్వసు రాత్రి రెండింటికి నడినెత్తికొస్తుంది, అప్పుడే ఎక్కువ. నిద్రొస్తే కాసేపు పడుకుని ఒంటిగంటకి అలారం పెట్టుకో. ఆ ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం వదలకు.

ఆకాశం పూర్తిగా అనుకూలిస్తే గంటకి 120 దాకా అని లెక్క కడతారు. మనలాంటి వాళ్ళకి అందులో సగం కనిపించినా ఎక్కువే. ఇవి మిగతా ఉల్కల్లా చటుక్కున మాయం కావు. సెకనుకి 35 కిలోమీటర్ల వేగం. ఆగస్టులో వచ్చే పెర్సీడ్‌లైతే 59. అందుకే ఇవి కొంచెం నిదానంగా, చూడనిచ్చి మరీ వెళ్తాయి. "అదిగో" అని పక్కవాళ్ళని తట్టి చూపించేంత టైమ్ ఒక్కోసారి ఉంటుంది. నాకు వీటి మీద ఇంత ఇష్టం అందుకే. మామూలుగా ఉల్కల వానలు తోకచుక్కలు వదిలిన ధూళి వల్ల వస్తాయి. ఇవి మాత్రం 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం తాలూకు ధూళి. ఏటా మన భూమి ఆ ధూళి దారిలోంచి వెళ్తుంది, అంతే. ఇదంతా నీ పక్కన పడుకుని చెప్పాలని దాచుకున్నాను.

చలి సంగతి తేలిగ్గా తీసుకోకు. కదలకుండా పడుకుంటే అర్ధరాత్రి దాటాక చలి బాగా ఎక్కుతుంది, మంచుకి దుప్పటి పైభాగం తడిసిపోతుంది. రెండు సాక్సులు వేసుకో, తల కప్పుకో. తెల్లారి నిద్రమత్తులో కారు నడపొద్దు. కనీసం పది దాకా పడుకునే బయల్దేరండి. అవసరమైతే చెకవుట్ టైమ్ పెంచమని అడుగు, ఇస్తామన్నారు.

నువ్వు నాకేదో చెప్పాలన్నావు. "ఫోన్‌లో కాదు, అక్కడికెళ్ళాక" అన్నావు. ఆ మాట నా మనసులోంచి పోలేదు. నేను రాలేదు కదా అని దాన్ని లోపలే పెట్టేసుకోకు. నా హడావిడి చూసి "ఇప్పుడెందుకులే" అని కూడా అనుకోకు. అమ్మ చెయ్యి విరిగినంత మాత్రాన నీ విషయం చిన్నదైపోదు. ఇవాళే చెప్పాలనిపిస్తే అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్, నేను ఎలాగూ మేలుకునే ఉంటాను. లేదా ఆదివారం అన్నయ్య ఇంట్లో ఉంటాడు, పదకొండింటికి మీ ఇంటికొస్తాను. సాయంత్రం దాకా ఉంటాను. మనిద్దరమే మాట్లాడుకుందాం. ఈ ఆదివారం ఖాయం, అన్నయ్యకి కూడా చెప్పేశాను.

ఇక బ్యాగు సంగతి. చాప, రెండు దుప్పట్లు, ఎర్ర కాగితం అంటించిన టార్చి అన్నీ సర్ది కింద వాచ్‌మన్ దగ్గర పెట్టాను. ఎర్ర వెలుతురు కళ్ళని పెద్దగా ఇబ్బంది పెట్టదు, మెట్లు దిగేటప్పుడు అదే వాడు. బయటి అరలో ఒక కాగితం మీద చుక్కల బొమ్మ గీసి పెట్టాను, పెన్సిల్‌తో గీశాను కాబట్టి కాస్త అటూ ఇటూ ఉన్నా అర్థమవుతుంది. మూడింటికి ఎలాగూ ఇటునుంచే వెళ్ళాలి, తీసుకెళ్ళు. పైకి మాత్రం రాకు, తల్లీ. నువ్వొస్తే అమ్మ లేచి కూర్చుంటుంది, నువ్వు అమ్మని చూసి ప్రయాణం మానేస్తావు. చూడటానికి రేపు సాయంత్రం రా, అప్పటికి వాపు కూడా కాస్త తగ్గుతుంది. నువ్వు చూసినవన్నీ తనకే చెప్పాలట, ఇందాకే ఆర్డర్ వేసింది.

డ్యూటీ దిగగానే ఇది చూసి, వెళ్తున్నావో లేదో ఒక్క ముక్క పెట్టు. తమ్ముడు రానంటే వెంటనే చెప్పు, గెస్ట్ హౌస్ వాళ్ళకి నేనే ఫోన్ చేసి క్యాన్సిల్ చేయిస్తాను. వెళ్తే మాత్రం చేరగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మెసేజ్ పెట్టు.