కొత్తగా చేరేవాళ్లకు ల్యాప్‌టాప్: నా సిఫార్సు

మేనేజర్ గారికి,
నమస్తే సార్.

వచ్చే నెల మన మడికొండ ఆఫీసులో చేరే పిల్లలకు థింక్‌ప్యాడ్ ఇ14 జెన్ 6 తీసుకుందాం. థింక్‌ప్యాడ్ టీ14ఎస్ జెన్ 4, మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 కూడా చూశాను.

అసలు తేడా ర్యామ్ దగ్గర వచ్చింది. డాకర్‌లో డేటాబేస్, పక్కన ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిస్తే 16 జీబీ ఇరుకే. మిగతా రెండింట్లో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. ఇ14లో రెండు స్లాట్లున్నాయి. కింది మూత స్క్రూలు వదులు చేసి నేనే ఇంకో 16 జీబీ పెట్టి చూశాను, సాఫీగా నడుస్తోంది. కాబట్టి ఇప్పుడు 16 జీబీ ఒకే స్టిక్‌తో కొనండి, రెండో స్లాట్ ఖాళీగా ఉండాలి. ఆర్డర్‌లో ఈ మాట తప్పక రాయించండి.

ఎం2 ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, చప్పుడుండదు. కానీ ఎక్కువసేపు బిల్డ్ నడిస్తే వేడికి వేగం తగ్గుతుంది, మన ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. పైగా బయటి మానిటర్ ఒక్కటే ఇస్తుంది, మన టేబుళ్ల మీద రెండేసి ఉన్నాయి.

టీ14ఎస్ బరువు తక్కువ, నాకైతే అదే ముద్దు. రోజూ హైదరాబాద్ రైలెక్కే ఒకరిద్దరికి సరే గానీ అందరికీ అంత డబ్బు దండగ. దానికి లాన్ పోర్టు కూడా లేదు, ఇ14కు ఉంది.

శుక్రవారంలోపు సరే అంటే కొటేషన్ తెప్పిస్తాను.

ఇట్లు,
సీనియర్ ఇంజినీర్, మడికొండ