లావణ్య రాజీనామా లేఖ, అక్క దిద్దాక

లావణ్యా,

నీ డ్రాఫ్టు చదివాను. నైట్ డ్యూటీ దిగొచ్చి కోపం మీద రాసినట్టుంది. 'వెంటిలేటర్ మీదున్న ముగ్గురిని ఒక్కదాని నెత్తిన వదిలేశారు' అన్నది నిజమే, నేనూ ఆ ఐసీయూలోనే ఉన్నాను కదా. కానీ ఈ కాగితం నీ ఫైల్లో ఉండిపోతుంది. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ రాసేటప్పుడు తెరిచేది ఆ ఫైలే. ఆ మాట మేడమ్‌కి ఎదురుగా కూర్చుని చెప్పు, వింటారు. లేఖలో దాన్ని హ్యాండోవర్‌లోకి మార్చాను. 'ఇక్కడ ఎదుగూబొదుగూ లేదు' కొట్టేశాను. ఇక్కడే ఉండిపోతున్న మాకు అది గుచ్చుకుంటుంది. మూడుచోట్ల 'క్షమించండి' అన్నావు, అదీ తీసేశాను. చదువుకోడానికి వెళ్తూ క్షమాపణ దేనికే? ఒరిజినల్స్ సంగతి మాత్రం మెత్తబరచలేదు.

గుంటూరు,
01-09-2025

నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

విషయం: ఉన్నత చదువు నిమిత్తం రాజీనామా

మేడమ్,

2022 జూన్ నుంచి మన ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నాకు విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. నర్సింగ్, మెడికల్ సర్జికల్ విభాగంలో సీటు వచ్చింది. రెండేళ్ల పూర్తికాలపు కోర్సు కాబట్టి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం నెల రోజుల నోటీసు ఇస్తున్నాను. సెప్టెంబర్ 30 నా ఆఖరి పనిదినం.

చేరిన మొదటి వారం సక్షన్ చేయడానికే చేతులు వణికేవి. పక్కన నిలబడి నేర్పిన ఇన్‌చార్జ్ సిస్టర్‌కు, రాత్రి ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తిన మీకు కృతజ్ఞతలు.

ఈ నెలంతా రోస్టర్ ప్రకారం డ్యూటీలకు వస్తాను. క్రాష్ కార్ట్ చెక్‌లిస్ట్, నార్కోటిక్ రిజిస్టర్, ఇండెంట్ పుస్తకం లెక్క చూసి అప్పగిస్తాను. నైట్ షిఫ్టులో వెంటిలేటర్ పేషెంట్లు ఎక్కువ ఉంటున్నారు కనుక, నా స్థానంలోకి వచ్చేవారిని 15వ తేదీలోగా కేటాయిస్తే దగ్గరుండి నేర్పుతాను. వీలైతే ఇద్దరికి నేర్పడం మంచిదని నా మనవి.

చేరినప్పుడు ఆఫీసులో ఇచ్చిన పదో తరగతి, ఇంటర్, బి.ఎస్సీ. నర్సింగ్ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడ్మిషన్‌కు అవసరం. వాటిని, రిలీవింగ్ లెటర్‌ను, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌ను సెప్టెంబర్ 30న ఇప్పించగలరు.

ఇట్లు,
మీ విధేయురాలు,
లావణ్య
స్టాఫ్ నర్సు, మెడికల్ ఐసీయూ

రెండు కాపీలు పట్టుకెళ్లు. రెండోదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకుని, తేదీ పడిందో లేదో అక్కడే చూసుకో. ముందు ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పు. ఆవిడకి ఆఫీసు ద్వారా తెలిస్తే బాధపడుతుంది.