జంట చీలికల లెక్క: నువ్వు పంపిన ఫోటోకి పూర్తి జవాబు

ఫోటో ఒక మూల కాస్త మసకగా ఉంది కాబట్టి ముందు ప్రశ్నను తిరగరాస్తున్నాను. ఇది నీ దగ్గరున్న ప్రశ్నతో సరిపోతుందో లేదో చూసుకుని ముందుకు వెళ్లు.

ప్రశ్న. హీలియం-నియాన్ లేజర్ కాంతి (λ = 632.8 nm) రెండు సన్నని సమాంతర చీలికల మీద లంబంగా పడుతోంది. చీలికల మధ్య దూరం, ఒకదాని మధ్య నుంచి రెండోదాని మధ్యకు, d = 0.250 mm. ఒక్కో చీలిక వెడల్పు a = 0.040 mm. చీలికల నుంచి తెరకు దూరం D = 1.50 m.

(అ) తెర కేంద్రం O నుంచి y = 9.50 mm దూరంలో ఉన్న P బిందువు వద్ద పథ భేదం ఎంత? అక్కడ వెలుగు పట్టీయా, చీకటి పట్టీయా?
(ఆ) పట్టీ వెడల్పు β ఎంత?
(ఇ) 1 mm విభాగాలున్న మామూలు స్కేలుతో β ని 0.1 mm వరకు ఎలా కొలవవచ్చు?
(ఈ) మొత్తం అమరికను నీటిలో (n = 1.33) ఉంచితే β ఎంత అవుతుంది? P వద్ద ఏం కనిపిస్తుంది?

జవాబు

చూడమ్మా, నీ పేజీలో సూత్రాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. బొమ్మ కూడా బాగా గీశావు. అయినా రెండు చోట్ల జవాబు తప్పింది. (అ)లో పథ భేదం సున్నా వచ్చింది, (ఆ)లో పట్టీ వెడల్పు 3796.8 mm వచ్చింది. రెండో జవాబు అంటే దాదాపు నాలుగు మీటర్లు. పక్కపక్కన ఉండే రెండు వెలుగు గీతల మధ్య నాలుగు మీటర్ల ఎడం ఉంటే వాటిని చూడటానికి మన తరగతి గోడ చాలదు. జవాబు రాగానే ఒక్క క్షణం ఆగి, ఆ దూరాన్ని చేతులతో చూపించగలవా అని అనుకుని ఉంటే తప్పు అక్కడే దొరికేది.

ముందు (అ) సంగతి. నువ్వు పైథాగరస్ సిద్ధాంతంతో, రెండు చీలికల నుంచి P కి ఉన్న దూరాలు S₁P, S₂P రెండూ విడివిడిగా కట్టి, ఒకదాన్ని ఇంకోదాంట్లోంచి తీసేశావు. పద్ధతిలో దోషం లేదు. కానీ అంకెలు చూడు.

S₁P = √(1.50² + 0.009375²) m = 1.500029297 m
S₂P = √(1.50² + 0.009625²) m = 1.500030880 m

(ఇక్కడ 9.375 mm అంటే y − d/2, 9.625 mm అంటే y + d/2.) రెండింటినీ నువ్వు 1.50003 m అని కుదించి రాశావు, తీసేస్తే సున్నా మిగిలింది. మనకు కావలసిన తేడా మొత్తం ఏడో అంకె దగ్గర మొదలవుతుంది, దాన్ని నువ్వు ముందే కొట్టేశావు. మీటరున్నర పొడవున్న రెండు దారుల మధ్య మీటరులో పది లక్షల వంతు స్థాయి తేడాను పట్టుకోవాలంటే, పెద్ద సంఖ్యలోంచి పెద్ద సంఖ్యను తీసేసే దారి పనికిరాదు. తీసివేతను ముందు బీజగణితంలోనే చేసేయాలి.

(S₂P)² − (S₁P)² = (y + d/2)² − (y − d/2)² = 2yd

ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు, ఇది కచ్చితమైన ఫలితం. D² రెండు వైపులా ఉండి పోయింది. ఎడమ వైపును (S₂P − S₁P)(S₂P + S₁P) అని విడగొడితే

S₂P − S₁P = 2yd / (S₂P + S₁P)

ఇప్పుడు మాత్రమే ఉజ్జాయింపు. హారంలో ఉన్న మొత్తం 3.00006 m. దాన్ని 2D = 3.00 m అని రాస్తే వచ్చే తేడా లక్షలో రెండు వంతులు. అదే ఉజ్జాయింపు తీసివేతలో చేస్తే లెక్క మునిగిపోయింది, భాగహారంలో చేస్తే ఏమీ కాలేదు. పుస్తకంలో పథ భేదం = yd/D అని ఒక్క లైనులో ఇస్తారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది, అందుకే ఇంత వివరంగా రాశాను.

ఇక విలువలు వేద్దాం. ప్రతి రాశినీ మీటర్లలోకి మార్చి, ప్రమాణాన్ని పక్కనే రాస్తూ వెళ్లు.

d = 0.250 mm = 2.50 × 10⁻⁴ m
y = 9.50 mm = 9.50 × 10⁻³ m
D = 1.50 m

Δ = yd/D = (9.50 × 10⁻³ m)(2.50 × 10⁻⁴ m) / (1.50 m)
Δ = (2.375 × 10⁻⁶ m²) / (1.50 m) = 1.583 × 10⁻⁶ m

పైన m², కింద m, మిగిలింది m. పథ భేదం పొడవు కాబట్టి సరిపోయింది. మూడు సార్థక అంకెలకు 1.58 × 10⁻⁶ m. నానోమీటర్లలో 1583 nm అని ఉంచుకుంటే తరువాతి మెట్టు సులువు, చివర్లో కుదించవచ్చు.

Δ/λ = 1583 nm / 632.8 nm = 2.50

ఈ నిష్పత్తికి ప్రమాణం లేదు. ఇది ఎన్ని తరంగదైర్ఘ్యాల తేడా ఉందో చెప్పే సంఖ్య మాత్రమే. పూర్ణాంకం వస్తే రెండు తరంగాలూ కలిసి బలపడతాయి, పూర్ణాంకానికి అర కలిస్తే ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. ఇక్కడ రెండున్నర, కాబట్టి P వద్ద చీకటి. అర, ఒకటిన్నర, రెండున్నర అని లెక్కపెడితే O నుంచి మూడో చీకటి పట్టీ. నువ్వు "m = 2 కాబట్టి రెండో చీకటి పట్టీ" అని మార్జిన్‌లో రాసుకున్నావు. (m + ½)λ సూత్రంలో m సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి m = 2 అంటే మూడోది. దీనికి పరీక్షలో మార్కు పోతుంది, సరిచేసుకో.

కాలిక్యులేటర్ 2.502 చూపించిందని టెన్షన్ పడకు. D ని 1.50 m అన్నారంటే చివరి సున్నాలో అర సెంటీమీటరు అటూ ఇటూ ఉండవచ్చు. ఆ ఒక్క కారణం చాలు మూడో దశాంశ స్థానానికి అర్థం లేదని చెప్పడానికి.

(ఆ) పట్టీ వెడల్పు అంటే వరుసగా వచ్చే రెండు వెలుగు పట్టీల మధ్య బిందువుల దూరం. Δ ఒక λ మేరకు పెరగడానికి y ఎంత జరగాలో అదే β.

β = λD/d

నువ్వు రాసింది 632.8 × 1.50 / 0.250 = 3796.8. ఈ గుణకారం, భాగహారం నూటికి నూరు పాళ్లు సరైనవే! పోయింది ప్రమాణం ఒక్కటే. లవంలో నానోమీటరు, మీటరు ఉన్నాయి, హారంలో మిల్లీమీటరు ఉంది. వాటిని అలాగే ఉంచి రాస్తే

nm × m / mm = (10⁻⁹ / 10⁻³) m = 10⁻⁶ m = 1 μm

అంటే 3796.8 మైక్రోమీటర్లు. నువ్వు హారంలో ఉన్న mm ని చూసి జవాబుకు కూడా mm తగిలించావు. మీటర్లలో వేసి సరిచూద్దాం.

β = (632.8 × 10⁻⁹ m)(1.50 m) / (2.50 × 10⁻⁴ m)
β = (9.492 × 10⁻⁷ m²) / (2.50 × 10⁻⁴ m) = 3.797 × 10⁻³ m

β = 3.80 mm. చివరి సున్నాను వదలకు, ఇచ్చిన దత్తాంశాల్లో d, D మూడు సార్థక అంకెలకు ఉన్నాయి. (అ)తో పొసుగుతుందో లేదో కూడా చూసుకో: y/β = 9.50 mm / 3.80 mm = 2.50. వేరే దారిలో వచ్చినా అదే రెండున్నర.

(ఇ)ని నువ్వు ఖాళీగా వదిలేశావు. నాకు ఈ లెక్కలో బాగా నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ప్రాక్టికల్స్‌లో చేసే పని ఇదే. ఒక్క ఎడాన్ని 1 mm స్కేలుతో కొలిస్తే 3.8 అనుకున్నా అటూ ఇటూ 1 mm పొరపాటుకు అవకాశం ఉంది, అంటే నాలుగో వంతు తప్పు. పది ఎడాలను ఒకేసారి కొలిస్తే 38 mm వస్తుంది, పొరపాటు మాత్రం అదే 1 mm. పదితో భాగిస్తే 3.8 ± 0.1 mm. స్కేలు మార్చకుండానే కచ్చితత్వం పది రెట్లు పెరిగింది. జాగ్రత్తపడాల్సింది లెక్కింపు దగ్గర: పది ఎడాలకు పదకొండు వెలుగు గీతలు కావాలి. మొదటి గీతను "ఒకటి" అని కాకుండా "సున్నా" అని మొదలుపెట్టు.

పదకొండు గీతలు స్పష్టంగా కనిపిస్తాయా? ఇంతవరకు వాడని a = 0.040 mm ఇక్కడ పనికొస్తుంది. ఒక్కో చీలిక వల్ల వచ్చే వివర్తనం O నుంచి λD/a దూరంలో వెలుగును పూర్తిగా తగ్గించేస్తుంది.

λD/a = (632.8 × 10⁻⁹ m)(1.50 m) / (4.0 × 10⁻⁵ m) = 2.4 × 10⁻² m = 24 mm

O కి ఒక్కో వైపు ఐదో గీత 5β = 19.0 mm దగ్గర ఉంటుంది. అది 24 mm లోపలే. అంచుల దగ్గర గీతలు బాగా మసకబారతాయి కానీ గది చీకటిగా ఉంటే లెక్కపెట్టవచ్చు. ప్రయోగం చేసేటప్పుడు తెర మీదే చూడు, లేజర్ వైపు కన్ను పెట్టకు.

(ఈ) నీటిలోకి వెళ్తే కాంతి పౌనఃపున్యం మారదు, వేగం తగ్గుతుంది, కాబట్టి తరంగదైర్ఘ్యం తగ్గుతుంది.

λ′ = λ/n = 632.8 nm / 1.33 = 475.8 nm
β′ = β/n = 3.797 mm / 1.33 = 2.85 mm

P వద్ద దారుల పొడవుల తేడా మారలేదు, d, D, y అవే కదా. అదే 1583 nm. కానీ ఇప్పుడు దాన్ని కొలవాల్సింది కొత్త తరంగదైర్ఘ్యంతో.

Δ/λ′ = 1583 nm / 475.8 nm = 3.33

ఇది పూర్ణాంకమూ కాదు, అరా కాదు. అందుకే "వెలుగా, చీకటా" అన్న ప్రశ్నకు జవాబు రెండూ కాదు. దశా భేదం 2π × 3.33, తీవ్రత cos²(π × 3.33) కి అనుపాతంలో ఉంటుంది. మూడు పూర్తి చక్రాలను పక్కన పెడితే π × 0.33 అంటే సుమారు 60°, దాని కొసైన్ అర, వర్గం పావు. కాబట్టి P వద్ద వెలుగు, పట్టీ మధ్యలో ఉండే గరిష్ఠ తీవ్రతలో దాదాపు నాలుగో వంతు. గాలిలో పూర్తి చీకటిగా ఉన్న చోట ఇప్పుడు మసక వెలుగు ఉంటుంది. 3.33 కి దగ్గర్లోని వెలుగు పట్టీ మూడోది, అది 3β′ = 8.56 mm దగ్గర ఉంది. P దాన్ని దాటి నాలుగో చీకటి పట్టీ వైపు కొంచెం జరిగి ఉంది.

ఇప్పుడు పేజీ పక్కన పెట్టి, D = 2.00 m అని మార్చి (అ), (ఆ) మళ్లీ చెయ్యి. β 5.06 mm, P వద్ద Δ 1.19 × 10⁻⁶ m రావాలి. ప్రతి లైనులో ప్రమాణం రాసి ఆ పేజీ ఫోటో పంపు, ఈసారి నాలుగు మూలలూ ఫ్రేములో ఉండేలా తియ్యి.