మారతహళ్లి పిల్లల క్లినిక్‌కు అపాయింట్‌మెంట్ బుకింగ్ యాప్: ప్రతిపాదన

బెంగళూరు,
8 జనవరి 2026.

గౌరవనీయులైన డాక్టర్ గారికి,

నమస్కారం. మీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు తీసుకోవడానికి ఒక చిన్న యాప్ తయారుచేసి ఇచ్చే విషయమై మనం మాట్లాడుకున్న మేరకు, పని పరిధి, గడువు, ఖర్చు వివరాలను ఈ లేఖలో మీ ముందుంచుతున్నాను.

గత శనివారం సాయంత్రం మీ అనుమతితో రిసెప్షన్ దగ్గర కూర్చున్నప్పుడు అసలు ఇబ్బంది ఎక్కడుందో నాకు స్పష్టంగా కనిపించింది. ఫోన్లో చెప్పిన పేర్లను రిసెప్షన్‌లోని అమ్మాయి నోటుబుక్కులో ఎడమవైపు, నేరుగా వచ్చినవారి పేర్లను కుడివైపు రాస్తున్నారు. ఎవరి తర్వాత ఎవరిని లోపలికి పంపాలో ఆమె ఒక్కరికే తెలుసు, అందువల్ల ప్రతి తల్లీ తండ్రీ ఆమెనే అడగాల్సి వస్తోంది. అదే సమయంలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. కాబట్టి ఈ యాప్ ముఖ్యంగా చేయవలసిన పని ఒక్కటే: ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నా, ఫోన్ చేసినా, నేరుగా తలుపు తీసుకుని వచ్చినా, అందరూ ఒకే వరుసలోకి రావాలి, ఆ వరుస అందరికీ కనిపించాలి.

పని పరిధి

తల్లిదండ్రులు ప్లే స్టోర్ నుంచి ఏమీ డౌన్‌లోడ్ చేసుకోనక్కరలేదు. రిసెప్షన్ బల్ల మీద, బయట బోర్డు మీద ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే ఫోన్ బ్రౌజర్‌లోనే బుకింగ్ పేజీ తెరుచుకుంటుంది. ఏడాదికి నాలుగైదు సార్లు వచ్చే క్లినిక్ కోసం ఎవరూ ఫోన్లో యాప్ ఉంచుకోరని నా నమ్మకం. పైగా ప్లే స్టోర్, ఐఫోన్ స్టోర్ ఖాతాల ఖర్చూ, అక్కడి అనుమతుల జాప్యమూ మీకు తప్పుతాయి. పేజీ కన్నడ, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో ఉంటుంది. ఫోన్ నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ నమోదు చేసి, బిడ్డ పేరు, వయసు చెబితే చాలు. ఒకే నంబరు మీద అన్నాచెల్లెళ్లిద్దరినీ చేర్చుకోవచ్చు.

కచ్చితమైన సమయానికి బదులు టోకెన్ నంబరు, దానితోపాటు సుమారు సమయం ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. పిల్లల వైద్యంలో ఒక బిడ్డకు ఐదు నిమిషాలు సరిపోతే మరో బిడ్డకు ఇరవై పట్టవచ్చు. 7:10 అని మాట ఇచ్చి 7:40కి పిలిస్తే కోపం వస్తుంది. టోకెన్ 14 అని చెప్పి, ఇప్పుడు 9వ టోకెన్ నడుస్తోందని ఫోన్లోనే చూపిస్తే, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉన్న తండ్రి కూడా ఎప్పటికి చేరుకోవాలో తానే లెక్కవేసుకుంటాడు. మీరు ఆసుపత్రి రౌండ్లలో ఆగిపోయిన రోజున రిసెప్షన్‌లో ఒక్క బటన్ నొక్కితే, మిగిలిన టోకెన్ల సమయాలన్నీ 30 నిమిషాలు వెనక్కి జరిగి, ఆ సంగతి అందరికీ ఎస్ఎంఎస్‌గా వెళుతుంది.

టీకాల విషయంలో మాత్రం విడిగా సమయం కేటాయించమని కోరుతున్నాను. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వచ్చే పసికందులు జ్వరంతో, దగ్గుతో వచ్చిన పిల్లల పక్కన గంటసేపు కూర్చోవలసి రావడం మీకూ ఇష్టం లేదని ఆరోజు మీరే అన్నారు. ఉదయం ఓపీలో మొదటి గంటను టీకాలకే ఉంచితే, బుకింగ్ పేజీ ఆ గంటలో ఇతరులకు టోకెన్ ఇవ్వదు. అత్యవసరంగా తీసుకొచ్చిన బిడ్డను ఏ సమయంలోనైనా వరుసలో ముందుకు జరిపే అధికారం రిసెప్షన్‌కు ఉంటుంది.

ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు, వీడియో సంప్రదింపు, టీకా తేదీల రిమైండర్లు, ఆన్‌లైన్ ఫీజు ఇందులో లేవు. ఫీజు ముందే తీసుకుంటే, మీరు రాలేని రోజున ప్రతి ఒక్కరికీ డబ్బు వాపసు చేసే పని రిసెప్షన్ మీదే పడుతుంది. కనుక మొదటి దశలో అది వద్దు.

సమాచార భద్రత

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అవసరం. మీ రోగులంతా ఆ వయసువారే కాబట్టి, ఖాతా తల్లి లేదా తండ్రి పేరు మీదే ఉంటుంది, సమ్మతి మొదటి పేజీలోనే తీసుకుంటాం. జబ్బు వివరాలు అడగం. "అనారోగ్యం, టీకా, తిరిగి చూపించుకోవడం" అనే మూడింటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. సమాచారం ముంబయిలోని సర్వర్‌లో ఉంటుంది, రోజూ బ్యాకప్ తీస్తాం. నెట్ పోయినా పని ఆగకుండా, ప్రతి ఓపీకి అరగంట ముందు ఆ పూట జాబితా పీడీఎఫ్‌గా క్లినిక్ మెయిల్‌కు వస్తుంది. డొమైన్, సర్వర్ ఖాతా, కోడ్, సమాచారం అన్నీ క్లినిక్ పేరు మీదే ఉంటాయి. రేపు మీరు వేరొకరితో పని చేయించుకోదలిస్తే నా అనుమతి అవసరం ఉండదు.

గడువు

ఫిబ్రవరి 2, సోమవారం మొదలుపెట్టి ఆరు వారాల్లో, అంటే మార్చి 14 నాటికి పూర్తిచేస్తాను. మార్చి 19న ఉగాది సెలవులు, ఊరి ప్రయాణాలు వస్తాయి కనుక ఆలోగా క్లినిక్ సెలవులు కూడా యాప్‌లోనే ప్రకటించగలిగేలా ఉండాలని ఈ తేదీ పెట్టుకున్నాను. మొదటి మూడు వారాల్లో బుకింగ్ పేజీ, రిసెప్షన్ స్క్రీన్. నాలుగో వారంలో ఎస్ఎంఎస్‌లు. ఐదో వారంలో సాయంత్రం ఓపీకి మాత్రమే వాడి చూస్తాం, నోటుబుక్కు పక్కనే కొనసాగుతుంది. ఆరో వారంలో రెండు పూటలకూ వర్తింపజేస్తాం.

నా చేతిలో లేనిది ఒకటుంది. ట్రాయ్ నిబంధనల ప్రకారం ఎస్ఎంఎస్ పంపేవారి పేరును, సందేశాల నమూనాలను టెలికాం సంస్థల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదు చేసి ఆమోదం పొందాలి. దీనికి క్లినిక్ పాన్, రిజిస్ట్రేషన్ పత్రాలు అవసరం కాబట్టి వాటిని మొదటి వారంలోనే ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఖర్చు

మొత్తం పనికి ₹75,000. ఒప్పందం రోజున ₹30,000, సాయంత్రం ఓపీలో వాడకం మొదలయ్యాక ₹30,000, రెండు పూటలా నెల రోజులు సజావుగా నడిచిన తర్వాతే మిగిలిన ₹15,000 ఇవ్వవచ్చు. నా వార్షిక ఆదాయం ₹20 లక్షల లోపే ఉన్నందున దీనిపై జీఎస్టీ ఉండదు. సర్వర్, డొమైన్ కలిపి ఏడాదికి సుమారు ₹9,000 మీరు నేరుగా చెల్లిస్తారు.

ఎస్ఎంఎస్ ఖర్చు వాడకాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లీషులో 160 అక్షరాల వరకు ఒక ఎస్ఎంఎస్‌గా లెక్కిస్తే, తెలుగు, కన్నడ లిపుల్లో 70 అక్షరాలకే పరిమితి. అందువల్ల సందేశాన్ని చిన్న ఇంగ్లీషు వాక్యంలో పంపి, అందులోని లింకు తెరిస్తే వివరాలు వారి భాషలో కనిపించేలా చేస్తాను. మొదటి మూడు నెలల మరమ్మతులు, రిసెప్షన్ సిబ్బందికి శిక్షణ ఈ మొత్తంలోనే ఉన్నాయి. ఆ తర్వాత నిర్వహణ కావాలనుకుంటే నెలకు ₹2,500. కొత్త సదుపాయాలకు ముందుగా అంచనా ఇచ్చి, మీరు సరేనన్నాకే పని మొదలుపెడతాను.

ఈ ధరలు ఫిబ్రవరి 7 వరకు వర్తిస్తాయి. అయితే అనుకున్న తేదీకి పని మొదలుకావాలంటే జనవరి 24 లోపు మీ అంగీకారం తెలియజేయగలరు. టీకాల గంట ఏ రోజుల్లో ఉండాలో, ఒక పూటకు గరిష్ఠంగా ఎన్ని టోకెన్లు ఇవ్వాలో కూడా ఆ జవాబులోనే రాస్తే మొదటి వారం పని వేగంగా సాగుతుంది.

భవదీయుడు,
ప్రవీణ్,
సాఫ్ట్‌వేర్ డెవలపర్,
కుందలహళ్లి, బెంగళూరు.