అమ్మానాన్నల దగ్గర్నుంచి స్క్రీన్‌షాట్ వచ్చిందా? ముందు ఫోన్ చేయండి

మంగళవారం ఉదయం పదకొండున్నరకి నేను మీటింగ్‌లో ఉన్నాను. తెనాలి నుంచి నాన్న ఒక స్క్రీన్‌షాట్ పంపారు. తెర నిండా ఎరుపు, ‘మీ ఫోన్‌లో 13 వైరస్‌లు’ అని రాసి ఉంది. కింద నాన్న రాసింది ఒక్క మాటే: ‘ఇదేంటమ్మా?’

ఇలాంటివి మీకూ వస్తూనే ఉంటాయి. ‘ఏం కాదులే’ అని టైప్ చేసి పక్కన పెట్టకండి. స్క్రీన్‌షాట్‌లో తెర మీద ఏముందో కనిపిస్తుంది కానీ, దానికి ముందు ఏం జరిగిందో, ఆ తర్వాత వాళ్లు ఏం నొక్కారో కనిపించదు. మనకు కావాల్సింది అదే. కాబట్టి ఫోన్ చేసి అడగండి.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: ‘నాన్నా, ఇప్పుడు ఇంకెవరైనా లైన్‌లో ఉన్నారా?’ బ్యాంకు వాళ్లమనో పోలీసులమనో చెప్పుకునేవాడు ఫోన్ పెట్టనివ్వడు, ఇంట్లో వాళ్లకి చెప్పొద్దంటాడు. ఫోన్ ఎంగేజ్ వస్తోందంటే అనుమానించండి. వెంటనే అమ్మ ఫోన్‌కో పక్కింటి వాళ్లకో చేసి, ఆ కాల్ కట్ చేయించండి. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు.

రెండోది: ‘ఇది రావడానికి ముందు ఏం చేస్తున్నారు?’ మూడోది: ‘ఆ తర్వాత ఏమైనా నొక్కారా? పిన్ గానీ ఓటీపీ గానీ కొట్టారా?’ ఇక్కడ గొంతు జాగ్రత్త. ‘ఎందుకు నొక్కారు?’ అని ఒక్కసారి విసుక్కున్నామా, మళ్లీసారి నిజం చెప్పరు. నేను ఒకసారి విసుక్కున్నాను. తర్వాత నాలుగు నెలలు నాన్న నాకు ఏమీ పంపలేదు, అన్నీ తమ్ముడికే పంపారు.

ఇక ఫొటో చూడండి. పైన, సమయం ఉండే గీతలో కాల్ గుర్తు ఉందా? ఉంటే ఆ స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఎవరో లైన్‌లో ఉన్నట్టే. తెర ఇంకొకరికి కనిపిస్తోందని చెప్పే గుర్తు ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా డేటా, వైఫై రెండూ ఆపించండి. పైన వెబ్‌సైట్ అడ్రస్ కనిపిస్తోందా? అయితే ఆ ‘వైరస్’ ఒట్టి వెబ్‌పేజీ. నాన్నది అదే. దేన్నీ నొక్కకుండా ఆ ట్యాబ్ మూసేయమన్నాను. మళ్లీ మళ్లీ నోటిఫికేషన్లు వస్తుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో Site settings, అందులో Notifications తెరిచి, తెలియని సైట్లని ఆపేయాలి.

పంపినవాడి పేరు చూడండి. బ్యాంకుల ఎస్సెమ్మెస్‌లు అక్షరాల పేరుతో వస్తాయి, చివర -S, -T లాంటిది ఉంటుంది. ‘ఈ రాత్రికి కరెంటు కట్ చేస్తాం’ అని పదంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిందంటే దొంగదే అనుకోండి. అక్షరాలు ఉన్నంత మాత్రాన నిజమని నమ్మేయనూ కూడదు.

యూపీఐ తెర అయితే చూడాల్సింది ఒక్కటే: డబ్బు వస్తోందా, పోతోందా? డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. ‘రీఫండ్’ అని రాసి పిన్ అడుగుతోందంటే అది పోయే డబ్బే.

అన్నిటికన్నా నాకు భయం వాట్సాప్‌లో వచ్చే .apk ఫైలు, అంటే ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైలు. ట్రాఫిక్ చలానా అనో పెళ్లి శుభలేఖ అనో పేరు పెట్టి పంపుతారు. డౌన్‌లోడ్ మాత్రమే అయిందా, ఇన్‌స్టాల్ కూడా అయిందా అని విడివిడిగా అడగండి. మొదటిదైతే ఫైలు తీసేస్తే చాలు. రెండోదైతే నెట్ ఆపించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చేసి ఖాతా బ్లాక్ చేయించండి. ఆ యాప్ మెసేజ్‌లు చదివి ఓటీపీలు బయటికి పంపుతుండొచ్చు. ఆ యాప్ తీసేయడానికి వీలుకాకపోతే ఫోన్ రీసెట్ చేయించాల్సిందే.

ఎవరో చెప్పారని స్టార్, హ్యాష్‌లతో ఏదైనా నంబరు డయల్ చేసి ఉంటే, కాల్స్ వేరే నంబరుకి మళ్లుతున్నాయేమో చూడాలి. మొదటిది చూడటానికి, రెండోది మళ్లింపులన్నీ తీసేయడానికి:

```
*#21#
##002#
```

డబ్బు పోయి ఉంటే మిగతావన్నీ తర్వాత. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకి చెప్పండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్లు చాలా అవసరం, ఒక్కటీ తీసేయనివ్వకండి.

స్టోరేజ్ నిండింది, అప్‌డేట్ వచ్చింది లాంటివే సగం ఉంటాయి. వాటిని సాయంత్రం చూసుకోవచ్చు, కాకపోతే ‘కంగారేం లేదు, ఏడింటికి చేస్తా’ అని అప్పుడే చెప్పండి.

ఫొటో సగమే వస్తే అమ్మ ఫోన్‌తో ఫొటో తీయించండి, లేదా ఆ ఫోన్ నుంచి వీడియో కాల్ చేసి నాన్న ఫోన్ తెర చూపించమనండి. స్క్రీన్ షేర్ మాత్రం నేర్పకండి, మోసగాళ్లు అడిగేదీ అదే. ఇంకొకటి, ఓటీపీ గానీ ఖాతా నంబరు గానీ ఉన్నవి మనకే పంపమనండి, ఫ్యామిలీ గ్రూపులో కాదు. మా గ్రూపులో 43 మంది ఉన్నారు. వాళ్లలో ముగ్గురెవరో నాకింకా తెలియదు.