మస్కట్‌లో మన వార్షికోత్సవం: వందన సమర్పణ

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్న మన తెలుగువాళ్లందరి తరఫున కృతజ్ఞతలు చెప్పే పని కార్యదర్శిగా నాకు అప్పగించారు.

ముఖ్య అతిథిగా వచ్చిన డాక్టరు గారికి, హాలు ఇప్పించిన పెద్దలకు, ఖర్చులో సాయపడిన దుకాణదారులకు సంఘం తరఫున ధన్యవాదాలు.

గిడుగు రామమూర్తి గారి జీవితం మీద మనవాళ్లు వేసిన నాటిక గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసిన మనిషి ఆయన. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ చివరి రంగానికి ముందు వరసలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

నటించిన ఆరుగురిలో నలుగురు ఒడియా మీడియంలో చదివినవాళ్లు. ఇంట్లో తెలుగే, కానీ అక్షరాలు రావు. మాటలన్నీ ఒడియా లిపిలో రాసుకుని, డ్యూటీ దిగాక రాత్రి పదింటికి క్యాంపు గదిలో వల్లె వేశారు. తమ్ముళ్లూ, మీ కష్టం నాకు తెలుసు. నా చేతిలో ఉన్న ఈ కాగితం కూడా ఒడియా అక్షరాల్లోనే ఉంది. మా అమ్మాయి మాత్రం ఇందాక స్వాగతవచనం తెలుగులో చూసి చదివింది. ప్రతి శుక్రవారం తన ఇంట్లోనే పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న మా గుణుపురం వదినకు ఏమిచ్చి రుణం తీర్చుకోను? వదినా, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

పాటల మధ్యలో మైకు ఆగిపోయి అందరం టెన్షన్ పడ్డాం. అప్పుడు లేచి డోలు అందుకున్నది మన ఒడియా మిత్రులు. పావుగంట సేపు సభను నిలబెట్టారు. భాయ్, మీరు అతిథులు కారు, మావాళ్లే.

సొహార్ నుంచి రెండొందల కిలోమీటర్లు వచ్చిన కుటుంబాలకు, రాత్రి షిఫ్టు చేసి నిద్ర లేకుండా బస్సెక్కిన ఘలా క్యాంపు సోదరులకు, తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన పిన్నిగార్లకు, బరంపురం అప్పడాలు సూట్‌కేసులో పదిలంగా మోసుకొచ్చిన బాబాయికి, కుర్చీలు వేసిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే ఆ తప్పు నాది, మన్నించండి.

ఘలా బస్సు పదిన్నరకు బయలుదేరుతుంది. ఆ సోదరులకు ముందు వడ్డించమని పిన్నిగార్లను కోరుతున్నాను. మిగతావాళ్లం కాసేపు ఆగుదాం. నమస్కారం.