గాజుల గురించి అవ్వకు జాబు

తిరుపతి
20 జనవరి 2025

అవ్వా,

పండక్కి వచ్చి తిరిగొచ్చినప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి పసుపు గుడ్డ మూట తీసి చూపించినావు కదా, ఆ గాజుల మాటే. మీ అమ్మ నీ చేతికి తొడిగిన గాజులు ఎన్ని, ఎంత బరువు అనేది నీకు తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. రేపు ఒకటి కనపడకపోతే పోయిందని ఎట్లా చెప్పేది?

ముందుగా అమ్మను తోడు తీసుకుని మనకు తెలిసిన అంగట్లో తూకం వేయించు. నీ ఎదురుగానే వెయ్యమను. సవర్ల లెక్క చాలదు, గ్రాములు రాయించు. సీల మురుగుల లోపల లక్క ఉంది, కాబట్టి ఆ బరువంతా బంగారం కాదు. అది విడిగా రాసుకోవాలి. పాత గాజులకు హాల్‌మార్క్ ముద్ర ఉండదు. అంతమాత్రాన తక్కువ బంగారమని కాదు. మార్చి కొత్తవి ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

నోట్‌బుక్‌లో ఇట్లా రాయి:

«సాదా గాజులు నాలుగు, 48.300 గ్రాములు. ఒకదానికి లోపలి అంచున సొట్ట. సీల మురుగులు రెండు, లక్కతో కలిపి 41.600 గ్రాములు. ఎడమ చేతిదానికి ఒక కెంపు రాలిపోయింది. అమ్మ ఇచ్చినవి.»

నేను అంకెలు వేసింది ఉదాహరణకే, నీ తూకం వచ్చినాక అవి రాయి. ఆ సొట్ట, ఆ రాలిన కెంపు తప్పకుండా రాయాలి, గాజు మనదేనని చెప్పేది అవే. పక్కన స్కేలు పెట్టి ఒక్కోదాన్నీ తమ్ముడి చేత ఫోటో తీయించు, లోపలి వైపు కూడా. ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. నోట్‌బుక్ గాజులతో పాటు కాకుండా వేరే చోట ఉండాలి, ఒక జిరాక్స్ నా దగ్గర ఉంటుంది.

ఆమీదట లాకర్. అమ్మ పేరుతో కలిపి తీసుకో, నామినీ పేరు రాయించు. లోపల ఏముందో బ్యాంకు వాళ్ళకు తెలీదు, అందుకే మన రాత ముఖ్యం. దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బ్యాంకు బాధ్యత. ఆ డబ్బు నీ గాజులకు సరిపోకపోవచ్చు, అయినా డ్రమ్ము కంటే ఎంతో నయం. ఒక్కో గాజునూ విడిగా నూలుగుడ్డలో చుట్టు, ఒకదానికొకటి రాసుకోకుండా ఉంటాయి. తీసిన రోజు, పెట్టిన రోజు నోట్‌బుక్‌లో వేసుకో.

అన్నీ లోపల పెట్టమని నేననను అవ్వా. సాదా గాజులు రెండు నీ చేతికి ఉండనీ, నిన్ను బోసి చేతులతో చూడలేను. గంగమ్మ జాతరకు తిరుపతి వచ్చేటప్పుడు మాత్రం మురుగులు లాకర్‌లోనే ఉంచు, జనంలో తోపులాట ఎక్కువ.

ఇంకోటి, గాజులకు మెరుగు పెడతామని వాకిట్లోకి వచ్చేవాళ్ళకు ఒక్క గాజు కూడా ఇవ్వద్దు. యాసిడ్‌లో ముంచి తీస్తే గాజు మెరుస్తుంది, బంగారం మాత్రం అందులో కరిగి వాళ్ళతో పోతుంది.

వచ్చే శనివారం వస్తాను. తూకానికి నేనూ తోడు వస్తా.

నీ మనవరాలు
భారతి